మిషన్ వయసు మారితే రేపటి లెక్క మారుతుంది, నిన్నటిది కాదు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక ప్రశ్న చూద్దాం. ఒక కంపెనీ ఈ ఏడాది ఒక్క క్వింటా కూడా ఎక్కువ అమ్మలేదు, జేబులోంచి పోయే డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. అయినా లాభం పెరిగింది. ఎలా? ఇది రూల్ ప్రకారమే జరగొచ్చు. కానీ ఎప్పుడు కరెక్ట్, ఎప్పుడు డౌట్ పడాలి అనేది తెలియాలి. యాప్‌లో షేర్లు కొనేటప్పుడు మనం చూసే లాభం వెనక ఈ లెక్క ఉండొచ్చు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. అక్కడ ఒక మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అని ఊహించుకోండి. రంగు మారిన గింజల్ని కెమెరాతో పట్టి పక్కకు తోసే సార్టెక్స్ మిషన్‌ను 2020 ఏప్రిల్ 1న 42 లక్షలకు కొన్నారు. 10 ఏళ్లు పనిచేస్తుంది, చివర్లో తుక్కు కింద 2 లక్షలు వస్తాయి అని అంచనా వేశారు. అంటే వాడకంలో అరిగిపోయే విలువ 40 లక్షలు. దాన్ని సమానంగా పంచితే ఏడాదికి 4 లక్షలు. దీన్నే తరుగుదల, డిప్రిసియేషన్ అంటాం. ఈ 4 లక్షలు ప్రతి ఏడాది లాభంలోంచి పోతాయి.

నాలుగేళ్లు గడిచాయి. 16 లక్షలు తరుగుదల రాశారు. 2024 మార్చి 31 నాటికి పుస్తకాల్లో మిషన్ విలువ 26 లక్షలు. అప్పుడు ఇంజనీర్ చెక్ చేసి, కెమెరాలు మార్చారు, మెయింటెనెన్స్ బాగుంది, ఇది ఇంకో 12 ఏళ్లు నడుస్తుంది అన్నాడు. అంటే మొత్తం వయసు 10 కాదు, 16.

ఇప్పుడు ఏం చేయాలి? చాలామందికి వచ్చే ఆలోచన ఇది. 40 లక్షల్ని 16తో భాగిస్తే ఏడాదికి రెండున్నర లక్షలే కదా, మొదటి నాలుగేళ్లు 4 లక్షల చొప్పున ఎక్కువ రాశాం, ఆ 6 లక్షలు వెనక్కి తెచ్చి పాత బ్యాలెన్స్ షీట్లు సరిచేద్దాం అని. అది తప్పు పద్ధతి. పాత నాలుగేళ్లను ముట్టుకోకూడదు. ఇవాళ మిగిలిన 26 లక్షల్లోంచి తుక్కు విలువ 2 లక్షలు తీసేయండి. 24 లక్షలు వచ్చాయి. మిగిలిన 12 ఏళ్లకు పంచండి. ఏడాదికి 2 లక్షలు. అంతే. పోయిన ఏడాది 4 లక్షలు, ఈ ఏడాది 2 లక్షలు. ట్యాక్స్‌కు ముందు లాభం 2 లక్షలు పెరిగింది. మనం మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

పాతవి ఎందుకు మార్చరు? మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ బయల్దేరారు అనుకోండి. మ్యాప్ మూడు గంటలు అని చూపించింది. కల్వకుర్తి దగ్గరకొచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంటే మిగిలిన టైమ్ తగ్గించి చూపిస్తుంది. దాటేసిన రోడ్డు మీద పట్టిన టైమ్‌ను మార్చదు. మొదట్లో చెప్పింది అప్పటి సమాచారంతో వేసిన అంచనా. 2020లో వేసిన 10 ఏళ్లు కూడా అంతే. కొత్త సమాచారం 2024లో వచ్చింది కాబట్టి దాని ఫలితం అక్కడి నుంచి ముందుకే. అకౌంటింగ్‌లో దీన్ని అంచనాలో మార్పు అంటారు.

ఇది రెండు వైపులా పనిచేస్తుంది. అదే మిషన్ గురించి ఇంజనీర్ ఇంకో రెండేళ్లే నడుస్తుంది అని చెప్పి ఉంటే, అదే 24 లక్షల్ని రెండేళ్లకు పంచాలి. ఏడాదికి 12 లక్షలు! ఒక్కసారిగా లాభం 8 లక్షలు పడిపోతుంది. అందుకే వయసును ప్రతి ఆర్థిక సంవత్సరం చివర్లో ఒకసారి చూడమని రూల్. ఆలస్యమైన కొద్దీ భారం మిగిలిన కొద్ది ఏళ్ల మీదే పడుతుంది.

వయసు కాకుండా తరుగుదల లెక్కకట్టే పద్ధతే మారిస్తే? ఇక్కడ మన దేశంలో రూల్ మారింది. ఒక పద్ధతి సమానంగా పంచడం. ఇంకోటి డబ్ల్యూడీవీ, అంటే మిగిలిన విలువ మీద ప్రతి ఏడాది ఒకే శాతం, కాబట్టి మొదట్లో ఎక్కువ, తర్వాత తక్కువ. మన మిషన్‌కు మొదటి నుంచి డబ్ల్యూడీవీ వాడి ఉంటే నాలుగేళ్లకు సుమారు 12.4 లక్షలే మిగిలేది. ఇప్పుడు సమాన పద్ధతికి మారుతున్నారు, వయసు పాత 10 ఏళ్లే అనుకుందాం.

పాత స్టాండర్డ్ ఏఎస్ 6 ప్రకారం, మొదటి రోజు నుంచీ కొత్త పద్ధతే వాడినట్టు మళ్లీ లెక్క కట్టాలి. అప్పుడు మిగలాల్సింది 26 లక్షలు. తేడా 13.6 లక్షలు మొత్తం ఆ ఒక్క ఏడాది లాభంలో కలిసేది. ఒక పేజీ లెక్కతో 13.6 లక్షల లాభం! 2016 ఏప్రిల్ 1 నుంచి మొదలైన సంవత్సరాలకు సవరించిన ఏఎస్ 10 వచ్చింది. పెద్ద కంపెనీలకు ఇండ్ ఏఎస్ 16 ఉంది. రెండింటి ప్రకారమూ పద్ధతి మార్పు కూడా అంచనా మార్పే. కాబట్టి 12.4 లోంచి 2 తీసి, మిగిలిన ఆరేళ్లకు పంచాలి. ఏడాదికి సుమారు 1.73 లక్షలు. వెనక్కి వెళ్లి లాభం తోడుకునే దారి మూసేశారు.

అయితే ముందుకు మాత్రమే అనే ఈ రూల్ చాటున దాక్కునే ప్రమాదం ఉంది. 2020లోనే సప్లయర్ కాగితాల్లో 16 ఏళ్లు అని స్పష్టంగా ఉన్నా, చూడకుండా 10 అని రాసి ఉంటే అది అంచనా మార్పు కాదు, తప్పు. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ అయితే పెద్ద తప్పులకు పాత సంవత్సరాల అంకెలు కూడా సరిచేసి చూపించాలి. మన మిల్లులాంటి చిన్న కంపెనీ ఏఎస్ 5 కింద దాన్ని ఈ ఏడాది లెక్కలోనే విడిగా చూపించాలి. తేడా ఎలా పట్టుకోవాలి? ఒకటే ప్రశ్న: ఈ సమాచారం కొత్తగా వచ్చిందా, అప్పుడే చేతిలో ఉందా?

పెద్ద స్కేల్‌లో చూడాలంటే గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్. 2023 జనవరిలో సర్వర్ల వయసును 4 నుంచి 6 ఏళ్లకు పెంచింది. ఆ ఒక్క ఏడాదిలో తరుగుదల 390 కోట్ల డాలర్లు తగ్గిందని వాళ్ల రిపోర్ట్‌లోనే రాశారు. 2022 అంకెలు మార్చలేదు. అమెజాన్ కథ ఇంకా ఆసక్తికరం. 2024లో సర్వర్ల వయసు 5 నుంచి 6కి పెంచింది. 2025లో టెక్నాలజీ వేగంగా మారుతోందని కొన్నింటికి మళ్లీ 5కి తగ్గించింది.

మరి మీరు ఏం చూడాలి? యాన్యువల్ రిపోర్ట్ పీడీఎఫ్ ఓపెన్ చేసి `useful life` అని సెర్చ్ కొట్టండి. మార్పు పెద్దదైతే ఏం మార్చారో, దానివల్ల ఈ ఏడాది ఎంత తేడా వచ్చిందో నోట్‌లో చెప్పాలి. పెరిగిన లాభంలోంచి ఆ తేడా తీసేసి, అప్పుడు పోయిన ఏడాదితో పోల్చండి. మన మిల్లు లాభం 20 లక్షల నుంచి 22కి పెరిగితే, అందులో 2 లక్షలు ఈ మార్పువే. వ్యాపారం ఉన్నచోటే ఉంది.

ఇంకో చెక్ క్యాష్ ఫ్లో. వయసు మార్చినంత మాత్రాన ఒక్క రూపాయి కూడా లోపలికి రాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా సాధారణంగా మారదు, ఎందుకంటే ఆ శాఖ తరుగుదలను తన సొంత రేట్లతో విడిగా లెక్క కడుతుంది. లాభం పెరిగి, ఆపరేషన్స్ నుంచి వచ్చే క్యాష్ కదలకపోతే, వెంటనే తరుగుదల నోట్ దగ్గరికి వెళ్లండి. కారణం అక్కడ దొరకొచ్చు.

మీ దగ్గరున్న షేర్లలో ఒక కంపెనీకి ఈ చెక్ చేసి, ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.