ఒకే తేదీ, రెండు తెరలు

(మన శిక్షణ కేంద్రంలో శాఖాధికారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రోగ్రామర్‌ను కాను. ఎంబీఏ చదివి బ్యాంకులో చేరాను. డిజిటల్ విభాగంలోకి వచ్చాకే ప్రోగ్రాములు రాసేవాళ్ల పక్కన కూర్చుని కొన్ని సంగతులు తెలుసుకున్నాను. వాటిలో ఒకటి తేదీ గురించి. దాన్ని నేర్పింది ఒక డిపాజిట్.

గతేడాది నేనున్న శాఖలో ఒక ఖాతాదారు ఉండేవారు. ఉండేది న్యూజెర్సీలో, వాళ్లమ్మగారు మన ఊళ్లోనే. ఆయన పేరున ఇరవై లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఏడాది కాలానికి. మెచ్యూరిటీ 2025 ఆగస్టు 7. ఆ డబ్బుతో అమ్మగారి పేరిట ఫ్లాట్ కొంటున్నారు. ఆగస్టు 6 ఉదయం ఆయన నుంచి మెయిల్ వచ్చింది: "మెచ్యూరిటీ 8/6/2025 కదా, డబ్బు అమ్మ ఖాతాలో వెయ్యండి, ఈ రోజే రిజిస్ట్రేషన్." కింద తన ఫోన్ తెర ఫొటో జతచేశారు. అందులో నిజంగానే 8/6/2025 అని ఉంది.

మా అసిస్టెంట్ చూసి, "సార్, జూన్ 8న మెచ్యూరయ్యేది ఈయనకేదీ లేదండి. ఉన్నది రేపటిది. ఈ రోజే కావాలంటే ముందస్తుగా క్లోజ్ చెయ్యాలి" అన్నాడు. ఒక శాతం పెనాల్టీ అనుకున్నా, ఇరవై లక్షల మీద ఏడాదికి ఇరవై వేలు. ఒక్క రోజు కోసం! వోచర్ ఆపించి అమ్మగారికి ఫోన్ చేశాను. "నా ఫోన్‌లో 7/8 అనే ఉంది బాబూ, వాడేమో ఆరు అంటాడు" అన్నారావిడ. అమ్మేవాళ్లతో మాట్లాడి రిజిస్ట్రేషన్ ఒక రోజు జరుపుకున్నారు. డబ్బు పోలేదు. కానీ నాకు నిద్ర పట్టలేదు. ఒకే డిపాజిట్, ఒకే ప్రోగ్రాం. తల్లికి 7/8, కొడుకుకు 8/6 ఎలా వచ్చింది?

ఇందులో రెండు తేడాలు కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

మొదటిది రాత పద్ధతి. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. మన దగ్గర రోజు ముందు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక్కో దేశానికీ ఒక్కో పద్ధతి చేత్తో రాయరు. బ్రౌజర్‌లోనే ఉన్న Intl అనే సదుపాయానికి తేదీని, వాడేవారి లొకేల్‌నూ ఇస్తారు. లొకేల్ అంటే భాష, ప్రాంతం కలిపిన చిన్న గుర్తు: `te-IN` అంటే భారతదేశంలోని తెలుగు, `en-US` అంటే అమెరికా ఇంగ్లిష్. ఏ లొకేల్‌కు ఏ వరుస, నెలల పేర్లేమిటి అన్న పట్టికలను యూనికోడ్ కన్సార్షియం సి.ఎల్.డి.ఆర్. అనే భాండాగారంలో నిర్వహిస్తుంది. పెద్ద బ్రౌజర్లు ఆ పట్టికల్నే వాడుకుంటాయి. కాబట్టి "ఆగస్టు" అన్న మాట మన ప్రోగ్రాంలో ఎక్కడా ఉండదు. పట్టికలోంచి వస్తుంది.

ఇంతవరకు తప్పేమీ లేదు. కొడుకు అమెరికా పద్ధతిలోనే చదివారు, ఆగస్టు 6 అనే అర్థం చేసుకున్నారు. జూన్ 8 అని చదివింది మేము. మరి ఏడు ఆరెలా అయింది?

అది రెండో తేడా, టైమ్ జోన్. లొకేల్ తేదీ రూపాన్ని మారుస్తుంది, టైమ్ జోన్ ఏకంగా రోజునే మారుస్తుంది. ఈ రెండూ వేర్వేరు. ప్రోగ్రాంలో ఉన్నది ఇంతే:

```js
const d = new Date("2025-08-07");
new Intl.DateTimeFormat(locale).format(d);
```

మొదటి వరుసలో వేళ లేదు, తేదీ మాత్రమే ఉంది. జావాస్క్రిప్ట్ నియమం ప్రకారం అలాంటి తేదీ "యు.టి.సి. అర్ధరాత్రి" అనే ఒక క్షణంగా మారుతుంది. రెండో వరుసలో టైమ్ జోన్ చెప్పలేదు కాబట్టి ఆ క్షణాన్ని ఫోన్ ఉన్న చోటి గడియారంతో చూస్తుంది. మన దగ్గర అప్పుడు ఆగస్టు 7 ఉదయం 5:30. న్యూజెర్సీలో ఇంకా ఆగస్టు 6 రాత్రి 8 గంటలు. అందుకే 8/6/2025.

ఇక్కడే అసలు చిక్కు. మనం యు.టి.సి. కంటే ఐదున్నర గంటలు ముందున్నాం. కనుక హైదరాబాద్‌లోనో ముంబయిలోనో కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు కనబడదు. యు.టి.సి. కంటే వెనకున్న కాలమానంలో ఉండే ఖాతాదారుకే కనబడుతుంది. ఆయనకేమో అది తప్పని తెలియదు, బ్యాంకు చెప్పిన తేదీ అనుకుంటారు.

పట్టుకోవడం కష్టం కాదు. కంప్యూటర్ టైమ్ జోన్‌ను న్యూయార్క్‌కు మార్చి అదే పేజీ తెరవండి. మెచ్యూరిటీ తేదీ ఒక రోజు వెనక్కి జరిగితే తప్పున్నట్టే. సరిచేయడానికి చేసిన మార్పు ఇది:

```js
new Intl.DateTimeFormat(locale, {
  dateStyle: "long",
  timeZone: "UTC"
}).format(d);
```

తేదీ యు.టి.సి. అర్ధరాత్రిగా మారింది కాబట్టి చూపించేటప్పుడూ యు.టి.సి.లోనే చూపించమన్నాం. ఇక ఫోన్ ఎక్కడున్నా ఏడే. `long` అనడం వల్ల నెల అక్షరాల్లో వస్తుంది: `en-US`లో August 7, 2025, `en-IN`లో 7 August 2025, `te-IN`లో 7 ఆగస్టు, 2025. ఎవరి పద్ధతి వారికే ఉంది, కానీ ఏడో ఎనిమిదో, ఏది నెలో అన్న సందేహం లేదు. మా అసిస్టెంట్ కూడా దీన్ని జూన్ అని చదవలేడు.

అయితే అన్ని తేదీలకూ ఇదే మందు కాదు. మెచ్యూరిటీ, పుట్టినరోజు, చెక్కు తేదీ క్యాలెండర్‌లో గడులు. వాటికి గడియారంతో పని లేదు. లావాదేవీ అలా కాదు, అది ఒక క్షణం. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటి 12:30కి ఎవరైనా డబ్బు వేస్తే యు.టి.సి.లో అది మార్చి 31 రాత్రి 7 గంటలు. స్టేట్‌మెంట్‌లో యు.టి.సి. పెడితే పద్దు గత ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. అలాంటివాటికి `timeZone: "Asia/Kolkata"` అని రాసి, అది భారత కాలమానమని పక్కనే చూపించాలి.

ఇంకొక్క జాగ్రత్త. Intl ఇచ్చిన మాట మనిషి చదవడానికే. దాన్ని ఫైల్‌లో దాచుకుని మళ్లీ ప్రోగ్రాంతో చదివించకూడదు. పట్టికలు మారుతుంటాయి. 2022లో సి.ఎల్.డి.ఆర్. 42లో అమెరికా ఇంగ్లిష్ వేళల్లో ఏ.ఎం., పీ.ఎం.లకు ముందుండే ఖాళీని వేరే రకం ఖాళీగా మార్చారు. కంటికి ఏమీ తేడా లేదు. కానీ ఆ మాటను తిరిగి చదివే ప్రోగ్రాములు ఆగిపోయాయి. దాచుకోవలసింది ఎప్పుడూ 2025-08-07 రూపంలోనే.

శాఖల్లో ఉన్న మీకు నా మనవి ఒక్కటే. విదేశాల్లోని ఖాతాదారు తెర ఫొటో పంపి తేదీ తప్పంటే, ఆయన పొరబడ్డారని అనుకోకండి. మీరు ఏ దేశంలో ఉన్నారు, ఫోన్ ఏ భాషలో ఉంది అని అడిగి, ఆ రెండూ రాసి ఫొటోతో సహా డిజిటల్ విభాగానికి పంపండి. జవాబులో తేదీ రాసేటప్పుడు నెలను అక్షరాల్లో రాయండి. ఆ రోజు నేను అమ్మగారికి ఫోన్ చెయ్యకుండా వోచర్ మీద సంతకం పెట్టి ఉంటే, లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే ఉండేవి. ఆయనకు మాత్రం నష్టం జరిగిపోయేది.