డిక్రీ చేతికి వచ్చిన తర్వాత



కోర్టులో దావా గెలిచిన రైతు చాలామంది యింటికి వచ్చి, యిక డబ్బు వచ్చినట్లే అనుకుంటారు. నిజానికి అప్పటికి వారి చేతిలో వున్నది ఒక కాగితం. బాకీదారు తనంతట తాను చెల్లించకపోతే, ఆ కాగితాన్ని డబ్బుగా మార్చడం మరొక పని. దానికి కోర్టువారు పెట్టిన పేరు డిక్రీ అమలు. అందుకు వేసే దరఖాస్తునే మన వకీళ్ళు 'ఇ.పి.' అంటారు.

వుదాహరణకు రామయ్యగారు, సోమయ్యగారు అని యిద్దరు రైతులున్నారనుకుందాం. సోమయ్య నోటు వ్రాసి రెండు లక్షలు తీసుకున్నాడు, తీర్చలేదు. దావా పడింది. వడ్డీ, ఖర్చులతో కలిపి 2,36,000 రూపాయలకు డిక్రీ అయింది. అసలు మీద నూటికి ఆరు వడ్డీ నడుస్తుంది, అంటే ఏడాదికి పన్నెండువేలు. ఏడాది గడిచింది. సోమయ్య రేపు, మాపు అంటున్నాడు. బాకీ 2,48,000 అయింది.

రామయ్యగారు వకీలు దగ్గరకు వెళ్ళి మొదట అడిగిన మాట, "వాణ్ణి జైల్లో పెట్టించండి" అని. కోపం అటువంటిది. కాని చట్టం అంత సులభంగా ఒప్పదు. బాకీదారు పారిపోయేటట్లున్నాడనో, ఆస్తిని దురుద్దేశంతో యితరులకు బదిలీ చేశాడనో, లేక చెల్లించగల స్తోమత వుండి కూడా యివ్వడం లేదనో కోర్టుకు నమ్మకం కలగాలి. వట్టి బీదతనం నేరం కాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆడవారిని డబ్బు డిక్రీకింద అరెస్టు చేయనే కూడదు. పైగా ఖైదులో వున్నన్నాళ్ళు బత్తెం కట్టవలసింది డిక్రీదారే. బాకీ అయిదువేలు దాటితే మూడు నెలలు మించి వుంచరు. విడుదలైతే బాకీ అలాగే వుంటుంది గాని, అదే డిక్రీమీద మళ్ళీ పట్టుకోవడానికి లేదు. అంచేత ఆ అస్త్రాన్ని ఆఖరికి దాచుకోవడం మేలు.

ఆస్తిమీదకు వెళ్ళేముందు అసలు ఆస్తి ఏమిటో తెలియాలి. తెలియకపోతే, నీ ఆస్తులన్నీ ప్రమాణపత్రంలో వ్రాసి దాఖలు చెయ్యమని బాకీదారును కోర్టు ఆదేశించవచ్చును. ఆ వుత్తర్వు మీరితే అందుకు వేరే మూడు నెలలవరకు ఖైదు వుంది. మన సోమయ్యకు ఓ యిల్లు, జత యెద్దులు, నాగలి, విత్తనాల బస్తాలు, కోతకు రెండు నెలలు వున్న రెండెకరాల వరి, నాలుగెకరాల మెరక వున్నాయి. బియ్యం మిల్లువారు పోయిన పంటకు తొంభైవేలు అతనికి బాకీ వున్నారు.

ఇందులో ముట్టుకోకూడనివి మొదట తీసివెయ్యాలి. రైతు తాను కాపురముండే సొంత యిల్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన యెద్దులు, పనిముట్లు, విత్తనాలు, వంటపాత్రలు, బట్టలు, ఆచారాన్నిబట్టి ఆడవారు తీయరాని మంగళసూత్రంలాంటి నగలు జప్తు కావు. అమీనా గుమ్మంలోకి వచ్చినపుడు ఈ సంగతి తెలియక యెద్దుల్ని విప్పి యిచ్చిన రైతులున్నారు. ఒక్క మాట జ్ఞాపకం వుంచుకోండి: అదే యిల్లు తనఖా పెట్టివుంటే, ఆ తనఖా డిక్రీకి ఈ రక్షణ అడ్డురాదు.

ఇక అన్నిటికంటె తేలికైనది మిల్లువారి దగ్గరున్న డబ్బు. దాన్ని సోమయ్యకు యివ్వవద్దని కోర్టు మిల్లువారికి నిషేధాజ్ఞ పంపుతుంది. తరువాత ఆ సొమ్ము కోర్టులో కట్టమని నోటీసు యిస్తుంది. కట్టినవారికి సోమయ్య బాకీ తీరినట్లే. మిల్లువారు "మేం బాకీ లేము" అంటే విచారణ జరుగుతుంది, ఆలస్యం తప్పదు. ఒప్పుకున్నారనుకుందాం. తొంభైవేలు వచ్చింది. మిగిలింది 1,58,000.

తరువాత వరి. పొలంలో నిలిచిన పైరును మన చట్టం చరాస్తిగా లెక్కిస్తుంది. కనుక భూమిని కదపకుండా పైరును మాత్రం జప్తు చేయవచ్చును. దరఖాస్తులో పైరు యెప్పుడు కోతకు వస్తుందో తప్పక వ్రాయాలి. చాలా దరఖాస్తులు యిక్కడే కుంటుతాయి. వకీలుకు తెలియదు, రైతు చెప్పడు. అమీనా పైరును కోసుకుపోడు. వారంటు నకలు ఒకటి చేలో, ఒకటి బాకీదారు యింటి బయటి తలుపుకు అంటిస్తాడు. కోత అయిపోయి వుంటే చేలో బదులు కళ్ళంలోనో కుప్పమీదనో అంటిస్తాడు. జప్తు పడ్డంత మాత్రాన నీరు పెట్టడం మానరాదు. కోర్టు విధించిన షరతులకు లోబడి సోమయ్యే పైరును కాపాడుకోవచ్చు, కోయవచ్చు, నూర్చి నిలవ చేయవచ్చు. అతడు చెయ్యకపోతే కోర్టు అనుమతితో రామయ్యగారు చేయించి, ఆ ఖర్చు డిక్రీలో కలిపి రాబట్టుకోవచ్చు. కోసినంత మాత్రాన జప్తు పోదు. రాత్రికి రాత్రి కుప్ప తరలించడం దండగ పని. వేలం కళ్ళంవద్దనో, దాని దగ్గరలోనో జరుగుతుంది. అరవై బస్తాలు 1,600 చొప్పున పోయినవి, 96,000 వచ్చింది. ఖర్చుల మాట ప్రస్తుతం పక్కన పెడదాం. ఇక మిగిలిన బాకీ 62,000.

ఇప్పుడు మెరక వంతు. భూమి జప్తు అంటే స్వాధీనం తీసుకోవడం కాదు, అమ్మవద్దని ఆజ్ఞ. పొలంవద్ద దండోరా వేస్తారు. పొలంమీద, కోర్టులో, కలెక్టరు కచేరీలో, పంచాయతీ ఆఫీసులో నకళ్ళు అంటిస్తారు. ఆ తరువాత సోమయ్య బావమరిది పేర వ్రాసినా ఆ అమ్మకం డిక్రీదారుమీద చెల్లదు. ముందే వ్రాసివుంటే, అది నిజమైన అమ్మకమా, బాకీ యెగవేతకు చేసినదా అని బావమరిది అభ్యంతరంమీద కోర్టు విచారించవలసి వస్తుంది.

అరవైరెండువేలకు నాలుగెకరాలూ వేలం వేయడం తప్పు. బాకీకి చాలినంత భాగమే అమ్మాలి. మన ఆంధ్ర ప్రాంతంనుంచి వెళ్ళిన ఒక కేసులో, మొదట అమ్మిన భూములే బాకీకి చాలినా కోర్టు మిగతావి కూడా అమ్మింది. 1977లో సుప్రీంకోర్టు ఆ రెండో అమ్మకాన్ని కొట్టివేసింది. మన లెక్కలో అర ఎకరం లక్షకు పాట పోయిందనుకోండి. అప్పటికీ సోమయ్యకు దారి వుంది. వేలం జరిగిన అరవై రోజుల్లోగా వేలం ప్రకటనలో చూపిన 62,000, దానితోబాటు పాడుకున్నవానికి నూటికి అయిదు, అనగా 5,000, కోర్టులో కట్టి దరఖాస్తు చేస్తే అమ్మకం రద్దవుతుంది. అరవై ఒకటో రోజున యెంత తెచ్చినా ఈ మార్గాన పొలం రాదు.

కాలం మాట. డబ్బు డిక్రీ అమలుకు పన్నెండేళ్ళ గడువు. అయినా రెండేళ్ళు దాటాక ఇ.పి. వేస్తే ముందుగా నోటీసు యివ్వాలి. ఆ వ్యవధిలోనే వడ్లు గాదె దాటిపోతాయి. ఇ.పి. వేసినప్పటినుంచి ఆరు నెలల్లో ముగించాలని 2021లో సుప్రీంకోర్టు క్రింది కోర్టులకు ఆదేశించింది. అంతకు మించితే కారణం వ్రాయాలి. మన కోర్టుల్లో పని వత్తిడి మీకు తెలిసిందే.

చివరగా, సోమయ్యలాంటి వారికి. డిక్రీ అయిన తర్వాత సంతలో కలిసి నలభైవేలు చేతిలో పెట్టి, "సరే, తరువాత చూసుకుందాం" అనుకుంటే, ఆ నలభైవేలు అమలుచేసే కోర్టు లెక్కలోకి రాదు. రామయ్య పూర్తి మొత్తానికే ఇ.పి. వేసినా మీ నోటి మాట నిలవదు. కోర్టులో కట్టండి, లేదా బ్యాంకు ద్వారానో మనియార్డరు ద్వారానో పంపండి, చేతికిస్తే సంతకంతో రసీదు తీసుకోండి. ఆ చెల్లింపు సంగతి కోర్టుకు తెలపవలసింది డిక్రీదారే. ఆయన తెలపకపోతే ముప్ఫై రోజుల్లోగా మీరే దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోండి.