రాత్రి రెండు గంటలకోసారి

అక్కలారా, పక్షవాతంతో మంచాన పడ్డ అత్తనో అమ్మనో చూసుకునేవాళ్లం మన సంఘాల్లో చానామందిమి ఉన్నాం. ఆ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే, ఆశ అక్కకు చూపించాలి.

రాత్రంతా అట్ల లేచి, పొద్దున్నే తునికాకుకు అడవికి పోతే ఒక్క మనిషి ఎన్నాళ్లు తట్టుకుంటది? కసురుడు ప్రేమ లేక కాదు, నిద్ర లేక.

అందుకే మా మీటింగ్‌లో పొదుపు రాసినాక "ఈ వారం ఎవరికి నిద్ర లేదు?" అని అడుగుతున్నాం. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారం ఒకామె మెల్లగా చెయ్యెత్తింది. ఇప్పుడు వాళ్లింట్ల మధ్యాహ్నం రెండు గంటలు మాలో ఒకరం కూర్చుంటున్నాం, ఆమె పడుకుంటంది. రాత్రి ఒక వంతు ఆమె మొగుడు లేస్తున్నడు, అదీ అడిగినంకనే.