40 శాతం అంటే ఎంత?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజినీరును. మా డ్రాయింగులో ముఖ్యమైన కొలత దగ్గర 20 మిల్లీమీటర్లు అని రాసి ఊరుకోము. పక్కనే, అటూ ఇటూ 0.05 అని కూడా రాస్తాము. ఆ రెండో అంకె లేకుంటే షాఫ్టు బేరింగులో పడుతుందో లేదో తెలియదు. పేపర్లో వచ్చే సర్వే ఫలితానికి మాత్రం సాధారణంగా ఈ రెండో అంకె ఉండదు. దాన్ని ఎలా చూపాలన్నదే ఈ రోజు నా మాట. ఈ సభలో ఇంతమంది టీచర్లున్నారు కాబట్టి బడి చదువుల సర్వేనే తీసుకుంటాను.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే మీకు తెలుసు. పల్లెల్లో ఇంటికే వెళ్లి, పిల్లల చేత అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు, మొత్తం 600 ఇళ్లు.

ఒక ఊహా లెక్క చేద్దాం. ఒక జిల్లాలో ఆ ఇళ్లలో మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు 200 మంది దొరికారు. వారిలో 80 మంది కథ చదివారు. అంటే 40 శాతం. వేరే ఇళ్లు ఎంపికై ఉంటే ఇదే అంకె వచ్చేదా? రాదు. ఎంత మారవచ్చో చెప్పే సులువు లెక్క ఒకటుంది. పిల్లల సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 100ను భాగించండి. 200కు వర్గమూలం సుమారు 14. 100ని 14తో భాగిస్తే 7. కాబట్టి 40కి అటూ ఇటూ 7, అంటే 33 నుంచి 47. ఫలితం 30, 70 శాతాల మధ్య ఉన్నప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఎందుకంటే కుండంతా ఒకేలా ఉడుకుతుంది. కానీ మన జిల్లా ఒకే కుండ కాదు. ఒక ఊరి పిల్లలు తరచుగా ఒకే బడికి పోతారు, ఒకే టీచరు దగ్గర చదువుతారు. ఒక ఊళ్లో 20 ఇళ్లు చూడటమంటే చాలావరకు ఒకే కుండలోంచి 20 మెతుకులు తీయడమే. అందువల్ల హద్దు పెరుగుతుంది. మన ఉదాహరణలో అది 7 నుంచి 10కి పెరిగిందనుకుందాం. ఇప్పుడు మన జవాబు 30 నుంచి 50.

ఈ హద్దునే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. ఇదే పద్ధతిలో సర్వేను 100 సార్లు చేస్తే, ప్రతిసారీ ఒక హద్దు వస్తుంది. వాటిలో సుమారు 95 హద్దుల్లో అసలు అంకె ఉంటుంది. మన చేతికి వచ్చింది వాటిలో ఒకటి. 95 శాతం అనే మాటకు అర్థం ఇదే.

బొమ్మ వేసేటప్పుడు నిలువు దిమ్మె వేసి పైన చిన్న గీత పెడితే చూసేవారి కన్ను దిమ్మె చివరనే ఆగుతుంది. అసలు అంకె దిమ్మె లోపలే ఉంటుందని కూడా అనుకుంటారు. దానికంటే 40 దగ్గర ఒక చుక్క పెట్టి, 30 నుంచి 50 వరకు అడ్డంగా గీత గీస్తే మేలు. కిందనే, ‘100 మందిలో చదవగలిగేవారు 30 నుంచి 50 మంది ఉండవచ్చు’ అని తెలుగులో రాయాలి. గీత దేనికో రాయకపోతే, ఒకరు అది పిల్లల మార్కుల తేడా అనుకుంటారు, ఇంకొకరు పొరపాటు అనుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. గత సర్వేలో అదే జిల్లాకు 45 వచ్చిందనుకుందాం. ఇప్పుడు 40 వచ్చింది. ‘చదువులు దిగజారాయి’ అని శీర్షిక పెడతారు, టీచర్లకు మెమోలు వెళతాయి. రెండు సర్వేలకూ చెరో 10 హద్దు ఉన్నప్పుడు, వాటి తేడాకు హద్దు సుమారు 14. అంటే 5 తగ్గుదల అన్నది నిజానికి 19 తగ్గడం దగ్గరి నుంచి 9 పెరగడం దాకా ఏదైనా కావచ్చు. ఇంత కొద్ది ఆధారంతో ఎవరినీ మందలించలేం. అలాగే 5 పెరిగిందని సన్మానమూ చేయలేం. రెండు గీతలు పక్కపక్కన గీసి, మూడోదిగా ఈ తేడా గీతను కూడా సున్నా గుర్తుతో వేస్తే, గణితం రానివారికైనా విషయం కనబడుతుంది.

ఒక హెచ్చరిక. ఈ గీత ఏ ఇల్లు ఎంపికైందన్న యాదృచ్ఛికత వల్ల వచ్చే తేడానే చూపుతుంది. సర్వే ఇంట్లో ఉండే పిల్లలనే లెక్కిస్తుంది. గురుకుల హాస్టల్లో ఉండి చదివే పిల్లలు అందులోకి రారు. ఇళ్ల సంఖ్య 600 నుంచి 6,000 చేసినా గీత పొట్టిదవుతుందే గాని ఆ లోటు తీరదు. కాబట్టి ఏ అంకె చూసినా రెండు అడగండి: గీత ఎంత పొడుగు? లెక్కలోకి రానివారు ఎవరు?