టైమ్ షీటు అడిగే పద్ధతి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యాలయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం నడిపే సాయంకాలపు ట్యూషన్ సెంటర్లలో 46 మంది ఉపాధ్యాయులు పని చేస్తున్నారు. ప్రతి నెలా ఒక్కొక్కరి నుంచి ఒక టైమ్ షీటు రావాలి. ఏ రోజు ఎన్ని గంటలు చెప్పారు, ఎంతమంది పిల్లలు వచ్చారు, చివర సంతకం, అంతే. కానీ ఆ కాగితం లేకుండా గౌరవ వేతనం ఇస్తే ఆ ఖర్చుకు ఆడిటర్ ముందు ఓచరు ఉండదు. కాబట్టి అడగక తప్పదు. ఎలా అడగాలన్నదే మేము ఈ రోజు మీతో పంచుకోదలచిన విషయం.

చాలా చోట్ల ఒక అలవాటు ఉంది. 'ఇంకా ఇవ్వనివారు' అంటూ పేర్ల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెడతారు. దానితో రెండు నష్టాలు ఉన్నాయి. ఆ జాబితా పొడుగ్గా ఉంటే, ఇవ్వకపోయినా ఫరవాలేదు, అందరూ ఇంతే అన్న సంగతే చదివినవారికి అందుతుంది. పొట్టిగా ఉంటే, ఆ నలుగురి పరువు నలుగురిలో పోతుంది. రోజూ అదే మాట రాస్తే ఇచ్చినవారు కూడా గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత సెలవు కబురు కూడా వారికి చేరదు.

మేము మూడుసార్లే అడుగుతాం. 25వ తేదీన గ్రూపులో అందరికీ ఒక సందేశం వెళుతుంది. 30వ తేదీ రాత్రి 8 గంటలలోగా ఫొటో తీసి పంపాలని, అప్పటికి వచ్చినవాటికి 5వ తేదీన డబ్బు జమ అవుతుందని, తర్వాత వచ్చినవి మరుసటి నెల జాబితాలోకి వెళతాయని అందులో ఉంటుంది. ఇది ముందే చెప్పిన నియమం కనుక తర్వాత ఎవరినీ కోప్పడవలసిన పని ఉండదు. 28న రెండో సందేశం. సగానికి మించి వస్తేనే అందులో లెక్క రాస్తాం: '46లో 29 వచ్చాయి, జజాకల్లాహ్.' సగం దాటకపోతే లెక్క రాయం, గడువు మాత్రమే గుర్తు చేస్తాం. ఎవరి పేరూ రాయం.

మూడోది 30న ఉదయం, రావలసినవారికి మాత్రమే. దీనికి గ్రూపు వాడం, బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడతాం. అందరికీ ఒకే వాక్యం వెళ్ళినా, ఎవరికి వారికి విడిగా వచ్చినట్టే కనిపిస్తుంది. ఇంకెవరికి వెళ్ళిందో వారికి తెలియదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. కొత్తగా చేరినవారు, గ్రూపులో ఎన్నడూ మాట్లాడనివారు చాలాసార్లు మన నంబరు సేవ్ చేసుకొని ఉండరు. అంటే మౌనంగా ఉన్నవారికే ఈ సందేశం అందదు! పంపిన సందేశం వివరాలు తెరిచి చూస్తే ఎవరికి చేరిందో కనిపిస్తుంది. చేరనివారికి అదే వాక్యాన్ని విడిగా పంపుతాం.

మొన్న ఒక నెలలో గడువు దాటాక 8 మంది మిగిలారు. మరునాడు వారికి ఫోను చేశాం. సోదరీమణులకు మా బృందంలోని సోదరే చేసింది. 'ఎందుకు ఇవ్వలేదు' అని అడగకుండా 'షీటు దగ్గర ఏమైనా ఆగిందా' అని అడిగాం. ముగ్గురికి సందేశమే చేరలేదు. వారిలో ఒకామె నంబరు అని మా దగ్గర ఉన్నది ఆమె అన్నగారిదట. ఇద్దరు ఆ నెలంతా సెలవులో ఉన్నారు. గంటలే లేనప్పుడు షీటు ఎందుకని ఊరుకున్నారు. ఒకరు తెలుగు చదవలేరు, ఉర్దూలో వాయిస్ మెసేజ్ కావాలన్నారు.

చివరి ఇద్దరి మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. వారు వేతనం తీసుకోరు. లిల్లాహ్ చేస్తున్న పనికి గంటలు లెక్క రాసి చూపడమేమిటన్నది వారి సంకోచం. పైగా షీటు ఇస్తే డబ్బు అడిగినట్టు ఉంటుందని కూడా అనుకున్నారు. వారు షీటు ఇవ్వకపోతే కాగితం మీద ఆ సెంటర్లో క్లాసులే జరగనట్టు కనిపిస్తుంది. 40 మంది పిల్లలకు రెండో టీచరును అడగడానికి కమిటీ ముందు ఆధారం ఉండదు. ఈ సంగతి చెబితే ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

ఆ ఫోన్ల తర్వాత షీటు అడుగున రెండు గడులు చేర్చాం: 'ఈ నెల గంటలు లేవు', 'గౌరవ వేతనం వద్దు'. ఏ గడిలో టిక్కు పెట్టినా షీటు వచ్చినట్టే లెక్క. వేతనం వద్దన్నవారి షీట్లు ఖజాంచి గారి ఫైలులో విడిగా ఉంటాయి, ఆ పేర్లు బయటికి రావు. ఉర్దూ వాయిస్ మెసేజ్ ఇప్పుడు 25వ తేదీ సందేశంతో పాటే అందరికీ వెళుతోంది. కొత్త ఉపాధ్యాయులు చేరిన రోజునే సెంటర్ ఇన్‌చార్జి పక్కన కూర్చొని కార్యాలయం నంబరు సేవ్ చేయిస్తున్నారు. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో కూడా అప్పుడే అడిగి రాసుకుంటున్నాం.