హెల్మెట్ సైజు ఎం కాదు, ఎల్ కాదు: ముందు తల కొలుద్దాం

ఈ ఎపిసోడ్‌కి కారణం మా నాయన. పోయిన ఎండాకాలం కర్నూలు నుంచి నంద్యాల పోతుంటే గొర్రెల మంద అడ్డం వచ్చి గట్టిగా బ్రేక్ కొట్టినారు. బండి పక్కకి పడింది. అదృష్టం, భుజం గీరుకుపోయింది, అంతే. కానీ హెల్మెట్ రోడ్డు అవతల దొరికింది. దాని క్లిప్ వేసింది వేసినట్టే ఉంది! క్లిప్ ఊడకుండా హెల్మెట్ తల మీద నుంచి ఎట్లా ఊడొచ్చింది?

లోపల స్టిక్కర్ చూశాను. 600 మిల్లీమీటర్లు అని ఉంది. ఐఎస్ఐ మార్కు కూడా ఉంది. ఇంత పెద్దది ఎందుకు కొన్నావు నాయనా అంటే, "బిగుతుగా ఉంటే ఈ ఎండకి ఉడికిపోతాం రా, ఇదైతే గాలి బాగా ఆడతాంది" అన్నారు. కర్నూలు, కడప ఎండల్లో తిరిగే వాళ్లలో చాలామంది లెక్క ఇదే.

సరే, నాయన తల కొలిచాను. మీరూ ఇట్లాగే కొలవండి. [టేప్ చూపిస్తూ] ఇది టైలర్ టేపు. ఇనుప టేపు వద్దు, అది తల చుట్టూ సరిగా వంగదు. టేపు లేకపోతే పురికొస చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టి చూడండి. కనుబొమలకి ఒక అంగుళం పైన మొదలుపెట్టి, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా తిప్పాలి. టేపు జారితే కొలత తగ్గిపోతుంది, అందుకని మూడుసార్లు కొలిచి అన్నిటికంటే పెద్దది తీసుకోండి. నాయనకి 57, 57.3, 57.5 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 575 మిల్లీమీటర్లు.

ఇప్పుడు చిన్న లెక్క. హెల్మెట్ 600, తల 575. చుట్టుకొలతలో తేడా 25. దాన్ని 6.28తో భాగిస్తే సుమారు 4 మిల్లీమీటర్లు. తల చుట్టూ అంత సందు! హెల్మెట్ ఒక పక్కకి జరిగితే రెండో పక్క 8 అవుతుంది. ఐఎస్ఐ పరీక్షల్లో హెల్మెట్‌ని దాని సైజుకి సరిపడే తల బొమ్మకి తొడిగి చూస్తారు. మన తలకి సరిపోయిందా లేదా అన్నది ఆ మార్కు చెప్పదు.

షాపులో ఎం, ఎల్ అని అడగొద్దు. ఒక కంపెనీ 580ని ఎం అంటుంది, ఇంకో కంపెనీ అదే 580ని ఎల్ అంటుంది. అక్షరం వదిలేసి, మిల్లీమీటర్ల నంబర్ చూడండి.

మేము 570, 580 రెండూ వేసి చూశాం. 570 పెట్టుకుని పదిహేను నిమిషాలు కూర్చుంటే నాయన నుదుటి మీద ఎర్రటి గీత పడింది, నొప్పి మొదలైంది. అంటే అది చిన్నది. 580లో గీత పడలేదు. కానీ చెంపలు నొక్కుకుని "ఇది గూడా బిగుతే" అన్నారు. కొత్త హెల్మెట్‌లో చెంపలు అట్లా నొక్కుకోవాలి. వాడేకొద్దీ చెంప ప్యాడ్లు కొంచెం అణుగుతాయి. ఈరోజే వదులుగా ఉంటే ఆరు నెలలకి ఇంకా వదులవుతుంది.

ఇక రెండు పరీక్షలు. ఒకటి, క్లిప్ వేసి హెల్మెట్‌ని పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం, చెంపలు దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది. రెండోది ముఖ్యం. స్ట్రాప్‌ని గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే పట్టేలా బిగించి, వెనక అంచు కింద వేళ్లు పెట్టి ముందుకి ఎత్తమనండి. ఊడొచ్చేటట్టు ఉంటే కొనొద్దు. ఇంట్లో పాత 600తో ఇదే చేశాను. క్లిప్ వేసి ఉండగానే కళ్ల మీదుగా వచ్చేసింది. రోడ్డు మీద జరిగింది అదే. 580 కదల్లేదు.

మరి ఎండ సంగతి? గాలి రావాల్సింది హెల్మెట్‌కి ఉండే రంధ్రాల నుంచి, సందులోంచి కాదు. అవి ఎక్కువున్న మోడల్ చూసుకోండి. లోపల మందం టవల్ చుట్టొద్దు, కొలత మారిపోతుంది. చెమటకి పల్చటి కాటన్ టోపీ వేసుకునే అలవాటుంటే, షాపులో కూడా అది వేసుకునే చూడండి.

సైకిల్ వాళ్లకి కూడా తల కొలత ఇట్లాగే. కాకపోతే చెంప ప్యాడ్లు ఉండవు, వెనక చిన్న చక్రం తిప్పి బిగించాలి. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, స్ట్రాప్‌లు చెవి కింద వీ ఆకారంలో కలవాలి. ఆ హెల్మెట్‌తో మోటార్ సైకిల్ ఎక్కొద్దు.

పాత 600ని పారేశాం. దెబ్బ తిన్న హెల్మెట్‌లో లోపలి థర్మాకోల్ నలిగిందో లేదో బయటికి కనపడదు. మీ ఇంట్లో ఉన్న హెల్మెట్‌ని ఈరోజే క్లిప్ వేసి వెనక నుంచి ఎత్తి చూడండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.