ట్యాప్ చేస్తే పిన్ ఎందుకు అడగదు, ఎప్పుడు అడుగుతుంది?

(శాఖల కౌంటర్ సిబ్బంది కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్డుల గురించి మన కౌంటర్లకు వచ్చే ఫిర్యాదుల్లో రెండు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధంగా ఉంటాయి. మొదటి ఖాతాదారు వచ్చి, "నేను పిన్ కొట్టనే లేదండీ, డబ్బు ఎలా పోయింది?" అంటారు. రెండో ఆయన వచ్చి, "ఉదయం నాలుగు వేలకు అడగని పిన్ను సాయంత్రం నూట ఇరవై రూపాయల మందుల బిల్లుకు అడిగిందేమిటి? కార్డు పాడైందా?" అంటారు. ఇద్దరికీ జవాబు ఒక్కటే లెక్కలో ఉంది. ఆ లెక్క గురించే ఈ రోజు మాట్లాడతాను.

ముందుగా పిన్ ఎందుకు వదిలేశారో చూద్దాం. కార్డు లావాదేవీలో మనం రెండు విషయాలు నిర్ధారించుకుంటాం. ఒకటి, కార్డు అసలైనదేనా? రెండు, కార్డు పట్టుకున్న మనిషి అసలైనవాడేనా? మొదటి ప్రశ్నకు జవాబు చిప్ చెబుతుంది. ట్యాప్ చేసిన ప్రతిసారీ చిప్ ఆ లావాదేవీకి మాత్రమే పనికొచ్చే ఒక రహస్య సంకేతాన్ని తయారు చేసి పంపుతుంది. దాన్ని ఎవరైనా మధ్యలో పట్టుకుని మళ్లీ వాడబోతే మన సర్వర్ తిప్పికొడుతుంది. కాబట్టి ట్యాప్‌లో కూడా మొదటి తాళం భద్రంగానే ఉంది. మనం తీసేసింది రెండో తాళాన్ని, అంటే మనిషిని గుర్తించే పిన్‌ను మాత్రమే.

అది తీసేయడానికి కారణం వరుసలో నిలబడేవాళ్ల సమయం ఒక్కటే కాదు. టీ కొట్టు దగ్గర, కూరగాయల దుకాణం దగ్గర, పెట్రోలు బంకులో రోజుకు పదిసార్లు పిన్ కొడితే, దాన్ని పక్కనుంచి చూసేవాళ్లకు పది అవకాశాలు ఇచ్చినట్టే. ఆ పిన్‌తోనే ఏటీఎంలో నగదు తీయవచ్చు. యాభై రూపాయల కొనుగోలును కాపాడటానికి ఖాతా మొత్తానికి చెందిన తాళంచెవిని బజారులో బయటకు తీయడం మంచి బేరం కాదు.

అయితే మిగిలే ప్రమాదం ఒకటుంది. కార్డు పోగొట్టుకుంటే, దొరికినవాడు కూడా ట్యాప్ చేయగలడు. దీనికి గట్టు ఎలా వేయాలన్నదే పరిమితుల కథ.

మన దేశంలో రిజర్వు బ్యాంకు 2015 మే నెలలో ఇచ్చిన సర్క్యులర్‌తో రెండు వేల రూపాయల వరకు కాంటాక్ట్‌లెస్ చెల్లింపులకు పిన్ అవసరం లేకుండా చేసింది. 2021 జనవరి 1 నుంచి ఆ మొత్తాన్ని ఐదు వేలకు పెంచింది. ఈ అంకె అందరికీ తెలుసు. ఆ 2015 సర్క్యులర్‌లోనే ఉన్న రెండో షరతు మాత్రం చాలామంది దృష్టికి రాలేదు. ఇలాంటి లావాదేవీలు రోజుకు, వారానికి, నెలకు ఎన్ని అనుమతించాలో బ్యాంకులు తామే హద్దు పెట్టుకోవచ్చని అందులో ఉంది. ఇంగ్లీషులో దీన్ని వెలాసిటీ చెక్ అంటారు. ఒక్కో ట్యాప్‌కు గరిష్ఠ మొత్తాన్ని రిజర్వు బ్యాంకు చెప్పింది. వరుస ట్యాప్‌లకు హద్దు మాత్రం బ్యాంకుకు వదిలింది. అందుకే రెండు బ్యాంకుల కార్డులు ఒకే దుకాణంలో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు.

ఈ రెండో హద్దు లేకపోతే ఏమవుతుంది? ఉదాహరణకు ఒక బ్యాంకు రోజుకు మూడు పిన్ లేని ట్యాప్‌లు మాత్రమే అనుమతిస్తుందనుకోండి. ఇది లెక్క కోసం నేను అనుకున్న సంఖ్య. బస్సులో కార్డు జారిపోయింది. దొరికినవాడు ఒక బట్టల దుకాణంలో 4,800, ఒక సెల్‌ఫోన్ సామాన్ల దుకాణంలో 4,800, ఒక చెప్పుల దుకాణంలో 4,800 చెల్లించాడు. మొత్తం 14,400. నాలుగో దుకాణంలో మూడు వందలకు ట్యాప్ చేసినా యంత్రం పిన్ అడిగింది. వాడి దగ్గర పిన్ లేదు, అక్కడితో ఆగిపోయాడు. ఆ హద్దు లేకుంటే ఖాతాలో డబ్బు ఉన్నంతవరకు 4,800 చొప్పున తిరుగుతూనే ఉండేవాడు. అంటే ఒక్క ట్యాప్‌కు పెట్టిన ఐదు వేల పరిమితి ఖాతాదారు నష్టానికి పరిమితి కాదు. నష్టానికి నిజమైన పరిమితి మొత్తంగా లెక్కించే ఆ రెండో హద్దే. పన్నెండు వేల బిల్లును మూడు నాలుగు వేలుగా విడగొట్టి పిన్ తప్పించుకునే ప్రయత్నానికి అడ్డుకట్ట వేయగలిగేదీ అదే.

ఈ ఆలోచన అంకెలతో సహా చట్టంలోకి ఎక్కింది యూరప్‌లో. మన పిల్లలు జర్మనీ, ఐర్లండ్ వంటి దేశాల్లో చదువుకుంటున్నారు, అక్కడి కార్డు పిన్ అడిగిందని ఇక్కడి తల్లిదండ్రులు మనల్ని అడుగుతున్నారు. కాబట్టి ఆ లెక్క కొంచెం వివరంగా చూద్దాం. 2019 సెప్టెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి నిబంధన ప్రకారం పిన్ లేని ఒక్క ట్యాప్ యాభై యూరోలు దాటకూడదు. దానికి తోడు, చివరిసారి పిన్ కొట్టినప్పటి నుంచి జరిగిన ట్యాప్‌ల మొత్తం నూట యాభై యూరోలు దాటకూడదు, లేదా వరుస ట్యాప్‌ల సంఖ్య ఐదు దాటకూడదు. ఈ చివరి రెండింటిలో ఏదో ఒకటి పాటిస్తే చాలు. ఏది పాటించాలో కార్డు ఇచ్చిన బ్యాంకు ఎంచుకుంటుంది.

ఇప్పుడు ఒక విద్యార్థిని అనుకోండి. ఆమె బ్యాంకు మొత్తాన్ని లెక్కించే పద్ధతి ఎంచుకుంది. సోమవారం ఏటీఎంలో పిన్ కొట్టి నగదు తీసుకుంది. అక్కడ లెక్క సున్నా అయింది. తర్వాత సరుకులకు 45 యూరోలు, పుస్తకానికి 30, మందులకు 12, చలికోటు శుభ్రం చేయించడానికి 38. ఇప్పటికి మొత్తం 125. ఆ తర్వాత భోజనానికి 28 యూరోలకు ట్యాప్ చేసింది. ఇరవై ఎనిమిది చిన్న మొత్తమే, అంతకుముందు 45కు అడగలేదు కూడా. కానీ 125కు 28 కలిపితే 153. గీత దాటింది కాబట్టి యంత్రం పిన్ అడిగింది. ఆమె పిన్ కొట్టగానే లెక్క మళ్లీ సున్నా.

అదే గదిలో ఉండే స్నేహితురాలి బ్యాంకు సంఖ్యను లెక్కిస్తుంది. ఆమె మూడేసి యూరోల కాఫీ ఐదుసార్లు తాగింది. మొత్తం పదిహేను యూరోలే. అయినా ఆరో కాఫీకి పిన్ అడిగింది. మొదటి పద్ధతిలో చిల్లర ఖర్చులు చేసేవారికి సుఖం, రెండో పద్ధతిలో చిన్న మొత్తాలకు కార్డు తొందరగా ఆగుతుంది. వరుసగా చిన్న మొత్తాలు వాడినా, పెద్ద మొత్తాలు వాడినా ఐదు దాటితే ఆగాల్సిందే కదా.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఈ లెక్కను ఎవరు రాసి పెడుతున్నారు? దుకాణంలోని యంత్రం కాదు. దానికి తెలిసింది తన ముందున్న బిల్లు మాత్రమే. బిల్లు ఐదు వేలు దాటిందా లేదా అన్నది అది చూస్తుంది. నిన్న వేరే దుకాణంలో ఎంత ఖర్చయిందో దానికి తెలియదు. అది తెలిసే చోట్లు రెండే. ఒకటి కార్డులోని చిప్, రెండు బ్యాంకు సర్వర్.

చిప్ లెక్క పెడితే, ఆ లెక్క కార్డుతోపాటే తిరుగుతుంది. నెట్‌వర్కు లేని చోట కూడా పనిచేస్తుంది. కానీ దాన్ని సున్నా చేయాలన్నా, హద్దు మార్చాలన్నా మామూలుగా కార్డును యంత్రంలో లోపలికి పెట్టి బ్యాంకుతో మాట్లాడించాలి. ట్యాప్ చేసినప్పుడు యంత్రం "కార్డు లోపల పెట్టండి" అనడానికి ఇది ఒక కారణం. సర్వర్ లెక్క పెడితే హద్దులు మార్చడం సులభం, మొబైల్ యాప్‌లో మార్చిన వెంటనే అమలవుతుంది. కానీ సర్వర్ దాకా వచ్చిన లావాదేవీలనే అది లెక్కించగలదు. ఆఫ్‌లైన్‌లో జరిగి ఆలస్యంగా చేరేవి ఆ క్షణాన దాని కంటికి కనబడవు. అందుకే ఆఫ్‌లైన్ చెల్లింపులకు మన దగ్గర పద్ధతి వేరు. యూపీఐ లైట్‌లో ముందే కొంత డబ్బు పక్కన పెట్టి, అది అయిపోయేదాకా పిన్ లేకుండా వాడనిస్తాం. అక్కడ గల్లాలో ఉన్న డబ్బే హద్దు.

సర్వర్ పిన్ కావాలని నిర్ణయించినప్పుడు జరిగేది తిరస్కరణ కాదు, తిరుగు ప్రశ్న. "లావాదేవీ సరే, మనిషిని మాత్రం గుర్తించి పంపు" అని యంత్రానికి కబురు వెళ్తుంది. కొన్ని యంత్రాలు అక్కడికక్కడే పిన్ అడుగుతాయి, కొన్ని కార్డు లోపల పెట్టమంటాయి. ఆ కబురు అర్థం కాని పాత యంత్రం మాత్రం "డిక్లైన్డ్" అని చూపించి ఊరుకుంటుంది. ఖాతాదారు కార్డు చెడిపోయిందనుకుంటారు. దీన్ని గుర్తుపట్టడం తేలికే. కార్డు లోపల పెట్టి పిన్ కొట్టినప్పుడు అదే కార్డు పనిచేసి, ఆ తర్వాతి ట్యాప్ కూడా మామూలుగా వెళ్తే కార్డు బాగానే ఉంది, హద్దు నిండింది, అంతే. పిన్ కొట్టిన తర్వాత కూడా ట్యాప్ వెళ్లకపోతే కాంటాక్ట్‌లెస్ సదుపాయం ఆపి ఉందేమో చూడాలి. 2020 అక్టోబరు 1 నుంచి కొత్త కార్డుల్లో ఈ సదుపాయాన్ని ఖాతాదారే ఆన్ చేసుకోవాలి. చాలామంది ఆ సంగతే మరిచిపోతారు. అదీ కాకుంటే అప్పుడు కార్డు యాంటెన్నాను అనుమానించాలి.

ఇక మొదటి ఫిర్యాదు, పిన్ కొట్టకుండానే డబ్బు పోయిందనేది. ముందు ఆ లావాదేవీ ట్యాప్ అవునా కాదా మన సిస్టమ్‌లో చూడండి. ట్యాప్ అయితే, పిన్ లేకపోవడం లోపం కాదని చెప్పాలి. కానీ అక్కడితో వదిలేయకూడదు. కార్డు చేతిలో ఉందా అని అడగండి. లేదంటే మాటలు ఆపి ముందు కార్డు బ్లాక్ చేయండి. రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం ఫిర్యాదు చేరిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. ఖాతాదారు చెప్పిన సమయాన్ని నిమిషంతో సహా రాసిపెట్టండి. పైన చెప్పిన బట్టల దుకాణానికీ సెల్‌ఫోన్ దుకాణానికీ మధ్య ఫిర్యాదు అందిందా లేదా అన్నదానిమీదే 9,600 రూపాయలు ఎవరి నెత్తిన పడతాయో తేలుతుంది.

చివరిగా ఒక మాట. ట్యాప్ అంటే భయపడే పెద్దవారు వస్తే "ఏం కాదండీ" అని పంపేయకండి. ట్యాప్ పరిమితిని యాప్‌లో ఐదు వందలకో వెయ్యికో తగ్గించుకోవచ్చని, అసలు వద్దనుకుంటే ఆపేసుకోవచ్చని చూపించండి. చిన్న బిల్లుకైనా కార్డు లోపల పెట్టి పిన్‌తోనే కడతామనే హక్కు 2015 సర్క్యులర్‌లోనే వారికి ఉంది. దుకాణదారు ట్యాప్ చేయమని బలవంతపెట్టడానికి వీల్లేదు.